ఆగస్టు నూటయాభై

ప్రొద్దుటూరులో చీరల కొట్లో నలభై ఏళ్లు గుమాస్తాగా చేశాను. ఇప్పుడు మానేసినా పొద్దున్నే వెళ్లి కూర్చుంటాను. బడి అయిదో తరగతితో సరి. లెక్కలు సరుకు పుస్తకాల్లోంచి నేర్చుకున్నవే. అలాంటి నాకు యజమాని అల్లుడు ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని సగటంటే ఏమిటో వివరించాడు. ఓర్చుకున్నాను.

మా పులివెందుల కొట్టు నెలకు సగటున నాలుగు వందల చీరలు అమ్ముతుంది. దాన్ని నూరు అనుకోవాలట. గడిచిన మూడేళ్లలో ఆగస్టు సగటు ఆరు వందలు, అంటే నూటయాభై. సెప్టెంబరు మూడు వందల ఇరవై, అంటే ఎనభై. పన్నెండు నెలల అంకెలూ కలిపితే పన్నెండు వందలు రావాలి. కూడి చూశాను, వచ్చాయి. కూడికలో వంక పెట్టడానికి లేదు.

ఈసారి ఆగస్టులో నాలుగు వందల నలభై చీరలే అమ్ముడుపోయాయి. అంతే, ఎనిమిదేళ్లుగా ఆ కొట్టు నడుపుతున్న ఆమెను తీసేద్దామని సెప్టెంబరు ఒకటో తేదీనే అల్లుడు మామగారికి చెప్పాడు. నాకు ఒళ్లు మండింది.

"అప్పా, ఈ ఏడాది శ్రావణాలు రెండొచ్చినాయి. ముందుది అధికం. ఆగస్టు సగానికి గాని నిజ శ్రావణం రాల్యా. అధికంలో పెండ్లి ఎవురు చేస్తారు, చీరలెవురు కొంటారు?"

"కంప్యూటరుకు శ్రావణాలు తెలీవు పెద్దాయనా. ఆగస్టే తెలుసు."

"మరి నీ పెండ్లికి ముహూర్తం దాన్నడిగే పెట్టుకున్న్యావా?"

యజమాని నవ్వు ఆపుకుని, సెప్టెంబరు కూడా చూసి తేలుద్దామన్నాడు. అల్లుడు ఆ మాట ఆమెకు చెప్పనే చెప్పాడు. ఆ నెలంతా నేను పులివెందులకు రోజూ ఫోన్ చేశాను. మొదటి రెండు వారాలు ఆమెకు అన్నం తినడానికి తీరిక లేదు. నెలాఖరుకు అయిదు వందల చీరలు. రెండు నెలలూ కలిపితే తొమ్మిది వందల నలభై. మామూలు ఏళ్లలో తొమ్మిది వందల ఇరవై. అమ్మకం ఎక్కడికీ పోలేదు, పక్క నెలకు జరిగింది.

అల్లుడు ఒప్పుకున్నాడా? తీసేస్తామని బెదిరించబట్టే పని చేసిందన్నాడు. ఆమెకు చెబితే తేలిగ్గా తీసుకుంది. "పేరు ఆయప్పకే పోనీ మామా. కొట్టు నా చేతిలోనే ఉండాది గదా."

ఎన్నాళ్లుంటుంది? ఈ ఏటి అంకెలనూ అల్లుడు సగటులో కలిపేశాడు. ఆగస్టు నూటనలభైకి దిగింది, సెప్టెంబరు తొంభై ఒకటికి, అంటే మూడు వందల అరవై అయిదు చీరలకు ఎక్కింది. ఈ ఏడాదిని వదిలెయ్యమన్నాను. ఎక్కువేళ్లుంటే లెక్క గట్టిపడుతుందన్నాడు. వచ్చే ఏడు అధికమాసం లేదు. మామూలు మూడు వందల ఇరవై చీరలే అమ్మితే సెప్టెంబరులో మళ్లీ ఆమె ఉద్యోగం మీదికే వస్తుంది.

పంచాంగం కొని ఆయన బల్ల మీద పెట్టి వచ్చాను. దాని మీద టీ గ్లాసు పెట్టుకుంటున్నాడు.