పట్టీలక్క మెట్ల పరీక్ష

మా ఛానెల్లో ఆవిడని అందరూ పట్టీలక్క అంటారు. టీవీలో ఎవరైనా మాట్లాడుతుంటే కింద ఒక పట్టీ మీద వాళ్ల పేరో, వార్త ముక్కో వస్తుంది చూడండి, ఆ పట్టీలు తయారుచేసేది ఆవిడే. పదిహేడేళ్లుగా అదే పని. నేను పక్క కుర్చీలో కూర్చుని వీడియోలు కత్తిరించి అతికించే ఎడిటర్ని. ఆవిడ గురించి రాయాలంటే పొగడ్తతో మొదలుపెట్టాలి. కానీ నాకు ముందు గుర్తొచ్చేది అసహ్యం. అందులో సగం నా మీద నాకే.

అక్క వాళ్ల నాన్న బస్సుల మీద ఊళ్ల పేర్లు రాసే పెయింటరు. చిన్నప్పుడు అక్క రంగు డబ్బా పట్టుకుని ఆయన వెనక తిరిగేది. "బస్సు ఆగాక చదివేది బోర్డు కాదే తల్లీ, మలుపు తిరుగుతుండగానే చదివించాలి," అనేవాడట ఆయన. పసుపు మీద నల్లటి లావు అక్షరాలు, అంతే. పువ్వులూ తీగలూ వేయమని ఏ ఓనరైనా అడిగితే, "పూలబండికి వేయించుకో నాయనా," అని కుంచె కింద పెట్టేసేవాడట. అక్కకి ఆయన నోరూ వచ్చింది, చెయ్యీ వచ్చింది.

కొత్త పట్టీ ఏది చేసినా అక్క ఒక పరీక్ష పెట్టేది. దాన్ని తన పాత ఫోన్లోకి పంపుకునేది. అద్దం పగిలి, వెలుగు సగం చచ్చిన ఫోనది. దాన్ని పట్టుకుని బయట మెట్ల మీదికి, ఎండ పడే చోటికి వెళ్లేది. అక్కడ నేల తుడిచే ఆయమ్మని పిలిచి, చెయ్యి చాపినంత దూరంలో ఫోను పట్టుకుని, "చదువమ్మా," అనేది. పట్టీ తెర మీంచి పోయేలోగా ఆయమ్మ దాన్ని రెండుసార్లు చదవాలి. ఒక్క మాట తడబడినా పట్టీ వెనక్కి. మేమంతా పగలబడి నవ్వేవాళ్లం. ఇంజనీర్లూ కెమెరాలూ ఇంతమంది ఉంటే, పాసు మార్కులు వేసేది ఆయమ్మా అని.

"నవ్వండి నవ్వండి," అనేది అక్క. "మీరు చూసేది ఈ బల్లంత మానిటర్లో. జనం చూసేది అరచేతిలో, బస్సులో ఊగుతూ. ఫోనుకి చేరేసరికి వీడియో నలిగి పిప్పయిపోతుంది. ముందు పోయేవి సన్నటి గీతలే. పైగా మన అక్షరానికి పైన తలకట్టు, కింద ఒత్తు. పట్టీ ఇరుకు చేస్తే ఒత్తుకి ఊపిరాడదు."

ఆవిడ పట్టీలు చూడటానికి మొద్దుగా ఉండేవి, నిజమే. వెనక బొమ్మ కనబడనివ్వని ముదురు రంగు పెట్టె, దాని మీద లావుపాటి తెల్లక్షరాలు, అయిదారు మాటలకి మించకుండా. ఎగరడాలు, దొర్లడాలు లేవు. వచ్చి నిలబడేది, చదివించేది, పోయేది.

అలాంటి చోటికి అల్లుడుగారు దిగారు.

ఓనరు అల్లుడు. ఆయన ఉద్యోగం పేరేమిటో ఎవరికీ తెలీదు, అందుకే అల్లుడుగారే హోదా అయింది. వచ్చిన నెలకే కొత్త పట్టీ చేయించుకొచ్చాడు. వెంట్రుకవాసి బంగారు అక్షరాలు. వెనక పెట్టె లేదు, అద్దంలాంటి పొర ఒకటి, దాంట్లోంచి వెనకాల బొమ్మంతా కదులుతూ కనిపిస్తుంది. అక్షరాలు ఒక్కొక్కటీ తేలుతూ వచ్చి చేరడానికి మూడు సెకన్లు, నిలబడేది రెండు. ఆ రెండింట్లోనూ వాటి మీద ఒక మెరుపు ఇటునుంచి అటు పాకుతుంది. పైన పటారం లోన లొటారం అంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది.

దాన్ని ఆయన గదిలో చూపించాడు. కిటికీలకి తెరలు దించి, గోడంత టీవీ మీద. అందరూ ఆహా అన్నారు. అక్క మాత్రం లేచి, "ఒక్కసారి మెట్ల దాకా రండి బాబూ, చిన్న ఫోన్లో చూద్దురుగాని," అంది.

"మెట్ల మీద కూర్చుని టీవీ నడుపుతామా అక్కా?" అన్నాడాయన. గదంతా నవ్వింది. తర్వాత నావైపు తిరిగాడు. "ఎడిటర్‌గారూ, మీరు చెప్పండి."

గంట ముందే ఆ పట్టీకి మెట్ల పరీక్ష అయిపోయింది, నేను పక్కనే ఉన్నాను. ఆయమ్మ కళ్లు చికిలించి, ఫోను అటూ ఇటూ తిప్పి, "ఏదో మెరుస్తోందండీ," అని ఇచ్చేసింది. ఒక్క అక్షరం చదవలేదు. అది నాకు తెలుసు. తెలిసి కూడా, "చాలా రిచ్‌గా ఉంది సార్," అన్నాను. ఏ ఎండకా గొడుగు పట్టే బతుకు నాది. ఛీ.

అక్క నావైపు ఒక్కసారి చూసింది. తిట్టినా బాగుండేది.

పాత పట్టీలన్నీ మిషన్లోంచి తీసేయించాడు అల్లుడుగారు. పదిహేను రోజులు గడిచాయి. ఒక రోజు పొద్దున పదకొండింటికి నీళ్ల ఆఫీసు నుంచి కబురొచ్చింది. మురుగు గొట్టం పగిలి తాగే నీళ్ల గొట్టంలో కలిసింది, నాలుగు వీధులవాళ్లు రెండు రోజులపాటు కుళాయి నీళ్లు నోట్లో పోసుకోకూడదు. ఆ నాలుగింటిలో మిల్లు వెనక వీధి ఒకటి. మా పిన్ని ఉండేది అక్కడే.

అమ్మ పోయాక నన్ను పెంచింది పిన్నే. ఇప్పుడు ఒంటరిది. చెవులు పూర్తిగా పోయాయి, ఎదుటి మనిషి పెదాలు చూసి మాట పట్టుకుంటుంది. రోజంతా ఫోను పిండి డబ్బాకి ఆనించి మా ఛానెలే పెట్టుకుంటుంది, అబ్బాయి పనిచేసే ఛానెలని. అంత చిన్న తెరలో వార్తలు చదివే అమ్మాయి పెదాలేం కనిపిస్తాయి? పిన్నికి ఆధారం కింద వచ్చే పట్టీయే.

పక్కింటావిడకి ఫోన్ చేద్దామని తీశాను. మళ్లీ పెట్టేశాను. మా టీవీవాళ్లకి మాత్రమే పట్టే తెగులిది. మేం వేశామంటే జనం చూసేసినట్టే అనుకుంటాం. నిమిషంలో వేస్తున్నాం కదా, నాకంటే ముందు పిన్నికే తెలుస్తుంది అనుకున్నాను.

కెమెరావాళ్లు పంపిన వీడియో చూసి మొహం తిప్పుకున్నాను. కుళాయి కింద బకెట్, అందులో పచ్చగా నురగ, నురగలో తెల్లటివేవో కదులుతున్నాయి. ఎండకి ఆ మురికంతా తళతళ మెరుస్తోంది. చేత్తో పట్టిన కెమెరా, బొమ్మ కుదురుగా లేదు.

అక్క అప్పటికే పట్టీ చేసేసింది. నల్లటి పెట్టె, తెల్లటి లావు అక్షరాలు. పై వరస, "కుళాయి నీళ్లు తాగొద్దు." కింద వీధుల పేర్లు, ఒకసారికి రెండేసి, ఒక్కో జత ఎనిమిది సెకన్లు. ఫోన్లో నిలువుగా చూసేవాళ్ల కోసం ఇంకొకటి, తెర మీది లైకు, షేరు బొత్తాల కింద పడి మూసుకుపోకుండా కాస్త పైకి జరిపి.

అల్లుడుగారు వచ్చి చూశాడు. "ఇదేంటక్కా, చావు కబురులాగా? కొత్తది ఉంది కదా, అది వెయ్యండి."

"చావు కబురు కాకూడదనే బాబూ ఇలా చేసింది," అంది అక్క. "వెనక నురగ మెరుస్తోంది, దాని మీద మీ బంగారం పెడితే దేవుడు కూడా చదవలేడు."

"మన ఛానెల్‌కి ఒక లుక్ ఉంది. ఎడిటర్‌గారూ, వేసెయ్యండి."

మీట నా చేతి కింద ఉంది. అక్క నా మొహంలోకే చూస్తోంది. నేను తెర వైపు తిరిగి బంగారు పట్టీ వేశాను. మెరిసే మురికి మీద మెరిసే అక్షరాలు తేలుతూ వచ్చాయి, నిలిచాయో లేదో పోయాయి. బల్ల మీది పెద్ద మానిటర్లోనే రెండో వీధి పేరు నాకు అందలేదు. అయినా సాయంత్రం దాకా ఇరవైసార్లు వేశాను.

మర్నాడు మధ్యాహ్నం పక్కింటావిడ ఫోన్ చేసింది. పిన్నిని ఆసుపత్రిలో చేర్చారు. నా మొహం చూసి అక్క అడక్కుండానే చెప్పులేసుకుని వెంట వచ్చింది.

వార్డు వాసన రాయలేను. ఒక్కో మంచం కింద ఒక్కో బకెట్, నేల మీద తుడిచీ తుడవని చారలు, ఈగలు. మా వీడియోలో బకెట్ చూసి మొహం తిప్పుకున్నవాణ్ణి, ఇక్కడ ఎటు తిప్పుకోను? అందరూ ఆ నాలుగు వీధులవాళ్లే. పిన్ని ఒక్క రోజులో ఎండుకట్టెలా అయిపోయింది. చేతికి సెలైన్. ప్రాణానికి భయం లేదని నర్సు చెప్పింది. మూలనున్న మంచం మీది ముసలాయన గురించి మాత్రం ఆ మాట అనలేదు.

"వార్తల్లో చూడలేదా పిన్నీ?" అన్నాను, పెదాలు కనబడేలా వంగి.

"చూశాన్రా, మీదే చూశా," అంది నీరసంగా. "ఎవరిదో బకెట్ చూపించారు. కింద బంగారంలా ఏదో మెరిసిపోయింది. నగల కొట్టు ప్రకటన అనుకున్నా. పొద్దుణ్ణించీ అదే. ఇన్నిసార్లు వేస్తున్నారు, డబ్బున్న కొట్టు కాబోలు అనుకుని చెంబుడు నీళ్లు తాగి పడుకున్నా."

నా మొహాన నేనే ఉమ్మేసుకోవాలనిపించింది.

అక్క సంచిలోంచి పాత ఫోను తీసి, నిన్న వెయ్యనివ్వని నల్ల పట్టీ తెరిచి, చెయ్యి చాపినంత దూరంలో పిన్ని ముందు పట్టుకుంది. కిటికీలోంచి ఎండ సరిగ్గా ఆ పగిలిన అద్దం మీదే పడుతోంది. పిన్ని కళ్లజోడు ఇంట్లోనే ఉండిపోయింది.

"కుళాయి నీళ్లు తాగొద్దు," పిన్ని చదివింది. "మిల్లు వెనక వీధి... మా వీధే!" మళ్లీ మొదట్నుంచి చదివింది. రెండోసారి పూర్తయ్యాక గాని పట్టీ పోలేదు. పక్క మంచం మీది ఆవిడ కూడా తల తిప్పి పైకి చదివింది.

పిన్ని నావైపు చూసింది. "ఇంత బాగా కనిపిస్తోందే, ఇది నిన్న ఎందుకు వెయ్యలేదురా?"

అల్లుడుగారి పేరు చెప్పొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ పిన్ని నా పెదాల్నే చూస్తూ ఉంది, పక్కన అక్క ఫోను ఇంకా దించలేదు.

"అక్క వేద్దామంది పిన్నీ. బంగారుదే బాగుందని నేనన్నాను. వేసింది కూడా నేనే."

పిన్ని కళ్లు చికిలించింది. "గొణక్కురా, అందలేదు," అంది. "లావుగా చెప్పు. ఇంకోసారి."

నేను ఇంకా దగ్గరికి వంగి, ఒక్కో మాటా విడదీసి, మళ్లీ చెప్పాను.