నాలుగు గంటల గడువు

కరీంనగర్‌లో ఒక ప్రైవేటు క్యాన్సర్ ఆసుపత్రిలో సర్వర్లు చూసుకునే ఉద్యోగం నాది. కింది అంతస్తులో, స్కానింగ్ గది పక్కన, కిటికీ లేని గది. ఏదైనా చెడిపోతే తప్ప అక్కడికి ఎవరూ రారు. మంచిగా నడుస్తున్నప్పుడు నేనొకణ్ణి ఉన్నానని కూడా ఎవరికీ గుర్తుండదు. ఆ సంగతి మీద నాకు కొంచెం కోపం ఉండేది. ఆ కోపంలోనే నేను గొప్ప పని అనుకున్న ఒక పని చేశాను.

మొదట్లో మా ఆసుపత్రి మెయిళ్లన్నీ పోస్ట్‌ఫిక్స్ అనే ఒకే మెయిల్ ప్రోగ్రాము నుంచి వెళ్లేవి. డాక్టర్లు హైదరాబాద్ డాక్టర్లకు రాసుకునేవి, ఇన్సూరెన్స్ కాగితాలు, పీఆర్ వాళ్ల పండగ శుభాకాంక్షలు, అన్నీ ఒకే క్యూలో. శుభాకాంక్షలు వేలల్లో పోయేవి. అవతలి మెయిల్ కంపెనీలు ఇంతమందికి ఒకేసారి పంపేవాడు ఎవడురా అని అనుమానపడి, మా ఐపీ అడ్రసు నుంచి వచ్చేదేదైనా 'తర్వాత రండి' అని తిప్పి పంపేవి. వాటితోపాటు డాక్టర్ల ఉత్తరాలూ ఇరుక్కునేవి. ఒకరోజు ఆపరేషన్ గురించి రాసిన మెయిల్ సాయంత్రానికి గానీ చేరలేదని పెద్ద సర్జన్ అందరి ముందూ నన్ను కడిగేశాడు.

రెండు రోజులు కూర్చుని అదే మెషీన్ మీద రెండో పోస్ట్‌ఫిక్స్ నిలబెట్టాను. postmulti అనే కమాండుతో దాన్ని పుట్టించవచ్చు. దానికి సెట్టింగుల ఫోల్డర్ వేరు, క్యూ వేరు, బయటికి వెళ్లే ఐపీ వేరు. వేలల్లో పోయేవన్నీ ఇక దాని గుండానే, మెల్లగా పోతాయి. దాని మీద ఎవరికైనా అనుమానం వచ్చినా డాక్టర్ల మెయిళ్ల జోలికి రాదు. పోస్ట్‌ఫిక్స్ మామూలుగా చేరని ఉత్తరాన్ని ఐదు రోజుల దాకా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. రెండోదానికి నేను ఆ గడువును నాలుగు గంటలకు కుదించాను. నిన్నటి పండగ శుభాకాంక్ష ఇవాళ చేరితే ఎంత, చేరకపోతే ఎంత అనుకున్నాను. గడువు తీరినవి తిరిగి వచ్చే చిరునామాను నేరుగా చెత్తలోకి మళ్లించాను. వాటిని చదివే తీరిక ఎవరికుంది?

సర్జన్ పిలిచి మెచ్చుకున్నాడు. ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు.

కొన్నాళ్లకు స్క్రీనింగ్ క్యాంపులు చూసే మేడమ్ వచ్చింది. మందమర్రి, కాగజ్‌నగర్, భైంసా వైపు ఆడవాళ్లకు రొమ్ము పరీక్షలు చేసి, రిపోర్టులు మెయిల్లో పంపాలట. ఒక్కో క్యాంపుకు రెండొందల దాకా ఉంటాయని చెప్పి, ఏ దారిలో పంపాలని అడిగింది. ఒక్కసారి రెండొందలంటే బల్క్, మూకుమ్మడి మెయిలే కదా. రెండోదాంట్లో వేయమని, తల కూడా ఎత్తకుండా చెప్పాను. పంపే ప్రోగ్రామూ నేనే రాశాను. మెయిల్ మా క్యూలో పడగానే పేరు పక్కన 'పంపబడింది' అని టిక్ పడేది. మెయిల్ లేక టిక్ పడనివాళ్లకు మేడమ్ మనుషులు ఫోన్ చేసేవాళ్లు. టిక్ ఉన్నవాళ్లకు చేసేవాళ్లు కాదు. క్యూలో పడటం వేరు, చేరటం వేరు. ఆ తేడా ఆసుపత్రి మొత్తంలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఎనిమిది నెలల తర్వాత మందమర్రి నుంచి ఒక బొగ్గుబాయి కార్మికుడు నా గదికి వచ్చాడు. యాభైకి దగ్గర పడ్డ మనిషి. రెండు వారాలుగా ఆయన భార్య పైన వార్డులో ఉంది. గడ్డ ముదిరి, చంకలోకీ ఎముకలోకీ పాకిందని చెప్పారట. క్యాంపులోనే అనుమానం ఉందని తేలిందని, వెంటనే రమ్మని మెయిల్ పంపామని, రికార్డులో టిక్ ఉందని కౌంటర్ వాళ్లు చూపించారట. ఆయన గొడవకు రాలేదు. ఆ మెయిల్ కాపీ కావాలన్నాడు, అంతే.

"గప్పుడు నా ఫోన్ నిండిపోయి ఉండె సార్. ఫోటోలు, వీడియోలు అన్ని తీసేసిన. గండ్ల గిది గూడ పోయినట్టున్నది. నా చేతులతోని నేనే తీసేసిన."

ఆ మాట ఆయన భార్యకూ చెప్పాడట. ఆ రోజు నుంచి ఆమె ఆయనతో మాట్లాడటం లేదు. అన్నం తెస్తే తీసుకుంటుంది, మొహం గోడ వైపు తిప్పుకుంటుంది.

ఏ మెయిల్ ఏమైందో సర్వర్ రాసుకునే లాగ్ ఫైళ్లను నేను ఏడాదిపాటు దాచిపెడతాను. అదొక గర్వం నాకు. క్యాంపులో రాయించిన ఆయన మెయిల్ చిరునామా వేసి వెతికాను. పొద్దున పదిన్నరకు మా క్యూలో పడింది. మెయిల్ పెట్టె నిండింది, తర్వాత రండి అని అవతలి నుంచి జవాబు. మళ్లీ ప్రయత్నం, మళ్లీ అదే జవాబు. రెండున్నర దాటాక ఒక వరుస: గడువు తీరింది, పంపినవాళ్లకు తిరిగి పంపబడింది. ఆ తిరిగి వచ్చినది నేను పెట్టిన చెత్తబుట్టలో పడింది.

ఆ ఫోటోలకూ మెయిళ్లకూ ఉన్న జాగా ఒకటే. వాటిని ఎప్పుడు తీసేశారని అడిగాను. క్యాంపు అయిన వారం ఆఖర్లో, సెలవు రోజున అన్నాడు. మెయిల్ పంపిన తేదీకి రెండు రోజుల తర్వాత. మొదటి పోస్ట్‌ఫిక్స్‌లో, ఎవరూ ముట్టుకోని ఐదు రోజుల గడువుతో ఉండి ఉంటే, అది చేరేది.

చెప్పకుండా ఉండొచ్చు. ఆయన తన తప్పే అని ఒప్పేసుకుని వచ్చాడు. కాపీ ఇచ్చి పంపిస్తే కథ అక్కడితో ముగిసేది. అలా చేద్దామనే ఆలోచన నాకు వచ్చింది, ఒక నిమిషం పాటు ఉంది కూడా. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

"మీరు తీసెయ్యలేదన్నా," అన్నాను. "అది మీ దాకా రానే లేదు. నేను పెట్టిన సెట్టింగు వల్ల రాలేదు."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. స్క్రీన్ మీద ఆ వరుస చూపించి, గడువు సంగతి మొత్తం చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. ఈ మాట పైకి వచ్చి తన భార్యకు చెప్పమని అడిగాడు. తను చెబితే నమ్మదట.

వార్డులో ఆమె సెలైన్ పెట్టిన చెయ్యి పక్కకు చాపి పడుకుని ఉంది. అదే సంగతి మళ్లీ చెప్పాను, ఈసారి కంప్యూటర్ మాటలు లేకుండా. మీ ఆయన ఏం తీసెయ్యలేదు అక్కా, తప్పు నాది అన్నాను. ఆమె నన్ను కాదు, ఆయన్ని చూసింది. రెండు వారాల తర్వాత చూడటమట. ఆయన ఏడ్చాడు. నేను వెళ్లిపోదామని తిరిగాను.

"తమ్మీ," అని పిలిచింది. "నాకొక్కదానికేనా, ఇంకెవలకన్న గూడ పోలేదా?"

నేను వెతికింది ఒక్క పేరే. రెండోది వెతకాలని తోచనే లేదు నాకు.

కిందికి దిగి అన్ని క్యాంపుల తేదీలూ వేసి చూశాను. గడువు తీరిన రిపోర్టులు పదకొండు. అందులో వెంటనే రమ్మని రాసినవి మూడు. మేడమ్‌ను పిలుచుకు రావటానికి కూడా ఆగకుండా, ఆ ముగ్గురిలో మొదటి నంబరుకు నేనే ఫోన్ చేశాను. కాగజ్‌నగర్ దగ్గర ఒక ఊరు. ఎత్తింది ఆ రిపోర్టు మనిషే. వెనక మిషన్ కుడుతున్న చప్పుడు. ఆసుపత్రి నుంచి అని చెప్పి, క్యాంపు రిపోర్టు అందిందా అని అడిగాను. రాలేదంది.

"మల్ల మీరు అడగలేదా?" అన్నాను.

ఆమె నవ్వింది. "ఎందుకడుగుత సార్? ఏమన్న ఉంటె మీరే ఫోన్ చేద్దురు గద. చెయ్యలే. ఏం లేదనుకోని నిమ్మలంగ ఉన్న."