నూట యాభై మంది బ్యాచ్

ఉమారాణి నిజామాబాద్‌లో ఓ ప్రైవేటు బడి మానేసి, అద్దెకున్న ముందు గదిలోనే పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షకు ఆన్‌లైన్ కోచింగ్ మొదలుపెట్టింది. లెక్కలు తాను చెప్పేది. సైన్సు చెప్పడానికి బోధన్ నుంచి హెప్సిబా దొరికింది. ఫోన్ తెర మీదే పాఠం చెప్పినా, ఏ పిల్ల ఏ ఊరిదో, ఎవరికి ఎక్కడ అర్థం కాలేదో గుర్తుపెట్టుకునే మనిషి.

మొదటి ఏడు ముప్పై మంది చేరారు. నాలుగు నెలలకు మూడు వేలు ఫీజు. హెప్సిబాకు క్లాసుకు నాలుగు వందలు, నెలకు ఇరవై క్లాసులు. వారానికి రెండు రోజులు పాఠం అయ్యాక అరగంట సందేహాలకే. ఇరవై ఆరు మంది చివరిదాకా నిలిచారు.

రెండో ఏడు ఉమారాణికి ఆశ పుట్టింది. ఫీజు పన్నెండు వందలకు దించి, నెలకు మూడు వందల చొప్పున కట్టమంటే పల్లెల పిల్లలు కూడా చేరతారనుకుంది. జనవరిలో నూట యాభై మంది ఒక్క బ్యాచ్‌లోకే వచ్చారు. అంతమంది ఒకేసారి మాట్లాడితే గోల కదా అని మైకులన్నీ ఆపేసింది. సందేహాల అరగంట తీసేసి, వాట్సాప్ గ్రూపులో రాయమంది. హెప్సిబాకు క్లాసు లెక్క మాని, ఆ నెల ఫీజు కట్టిన పిల్లల లెక్కన, తలకు అరవై రూపాయల చొప్పున ఇస్తానంది.

"తొమ్మిది వేలు వస్తయి నీకు. ముందటికన్నా ఎక్కువే," అంది.

"పిల్లలు పోతే, అక్కా?"

"నువ్వు మంచిగ చెప్తే ఎందుకు పోతరు?"

రెండో నెల నూట నలుగురే ఫీజు కట్టారు. మూడో నెల అరవై రెండుకు పడిపోయింది. హెప్సిబా అవే ఇరవై క్లాసులు చెప్పింది, చేతికి వచ్చింది మూడు వేల ఏడు వందల ఇరవై. తల్లిదండ్రులంతా ఉన్న గ్రూపులో ఎవరో పిల్లలు ఎందుకు మానేస్తున్నారని అడిగితే, ఉమారాణి తడుముకోకుండా, "సైన్సు టీచర్ కొంచెం నెమ్మది. మారుస్తున్నాం," అని రాసేసింది. హెప్సిబా మర్నాడు క్లాసుకు రాలేదు. ఫోనూ ఎత్తలేదు.

మానేసిన వాళ్లను వెనక్కి పిలుద్దామని ఉమారాణి వరసగా ఫోన్లు చేసింది. రెంజల్‌లో ఒక పిల్ల తల్లి దేవవ్వ ఎత్తింది.

"మా పిల్లనా? పసుపు ఉడకవెట్టే కాడికి వస్తుంది నాతోని."

"సైన్సు అర్థం గాలేదా అవ్వా?"

"గా మేడం మంచిగనే చెప్తదంట. అడుగుదామంటే నోరు బంద్ వెట్టిండ్రట. నాలుగు దినాలు రాసిందట ఫోన్ల, ఎవ్వరు జవాబియ్యలే. నాకే తెలివి లేదవ్వా అని ఏడ్సింది. ఇగ వద్దన్నది."

ఉమారాణి గ్రూపు వెనక్కి జరిపి చూసింది. ఆ పిల్ల రాసిన ప్రశ్నలు నాలుగున్నాయి, నాలుగూ లెక్కల ప్రశ్నలే. జవాబు చెప్పాల్సింది తాను. వందల సందేశాల కింద అవి కూరుకుపోయాయి. తప్పు ఎవరిదో అప్పుడే తెలిసింది. తెలిశాక గదిలో కూర్చోబుద్ధి కాలేదు.

మరునాడు పొద్దున్నే బోధన్ బస్సెక్కింది. హెప్సిబా వాకిట్లో నలుగురు పిల్లలకు పాఠం చెబుతోంది. కుర్చీ వేసింది, నీళ్లిచ్చింది. "చెప్పుండ్రి మేడం," అంది. అక్కా అనలేదు.

ఉమారాణి కవరు ముందు పెట్టింది. "రెండు నెలల్ల తక్కువైనవి తెచ్చిన. క్లాసు లెక్కనే."

"పైసలు తీస్కుంట, నా కష్టం గవి," అంది హెప్సిబా. "కని మీరన్నది పైసల ముచ్చట గాదు. మా చర్చిల ఇద్దరు తల్లులున్నరు ఆ గ్రూపుల. ఆదివారం నా మొకం సూడలే వాళ్లు."

ఉమారాణి అక్కడే కూర్చుని ఫోన్ తీసి అదే గ్రూపులో రాసింది: పిల్లలు మానేసింది హెప్సిబా వల్ల కాదు, బ్యాచ్ పెంచి ప్రశ్నలు అడగకుండా చేసింది నేను. పంపి, తెర హెప్సిబా వైపు తిప్పింది.

హెప్సిబా చదివింది. "ఉన్న అరవై రెండు మందిని రెండుగ చేయుండ్రి. మైకులు తెరవాలె. పరీక్ష దాక చెప్త. ఆ తర్వాత సంగతి అడగకుండ్రి," అంది.

అలాగే చేశారు. క్లాసుకు నాలుగు వందలే మళ్లీ. క్లాసులు రెట్టింపయ్యాయి కాబట్టి ఆ నెల ఉమారాణికి మిగిలింది ఇంటి అద్దెకు కూడా చాలలేదు. యాభై ఏడు మంది పరీక్ష రాశారు.

రెంజల్ పిల్లకు ఉమారాణి ఆ నాలుగు లెక్కలూ చేసి పంపింది, ఫీజు వద్దంది. దేవవ్వే ఫోన్ చేసింది. "దాని మనసు ఇరిగింది మేడం. ఇంకోసారి సూద్దాం."

వచ్చే ఏటికి ఉమారాణి బ్యాచ్ ముప్పై ఐదు దాటనివ్వనని రాసుకుంది. ఫీజు రెండు వేల ఎనిమిది వందలు, టీచరుకు క్లాసు లెక్క. మానేసిన ఎనభై ఎనిమిది మంది పేర్లు మాత్రం ఆమె జాబితా నుంచి కొట్టేయలేదు. రోజుకు ఒకరికో ఇద్దరికో ఫోన్ చేస్తూనే ఉంది. చాలామంది ఎత్తరు.