ఐదు గేములే పెట్టుకుందామంది

ఓడిపోవడం నాకు చిన్నప్పట్నుంచీ చేతకాదు. క్యారమ్స్‌లో ఓడినా అలిగి అన్నం మానేసే రకాన్ని. అలాంటివాణ్ణి, పెళ్ళికి ముందు ఒక టేబుల్ టెన్నిస్ మ్యాచ్‌లో చిత్తుగా ఓడిపోయి, ఆ సాయంత్రమంతా పిచ్చివాడిలా నవ్వుకుంటూ తిరిగాను. ఇప్పుడు తలుచుకున్నా కాళ్ళు నేలమీద ఆనవు.

అప్పట్లో నేను కొత్తగూడెంలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. మా ఊరు సత్తుపల్లి దగ్గర. అక్కడ పొలాలున్నాయి, ఖమ్మంలో ఇల్లుంది. నేను మాత్రం గనుల క్వార్టర్స్ పక్కన ఒక గది కిరాయికి తీసుకుని, సాయంత్రమైతే క్లబ్బులో పడేవాణ్ణి. క్లబ్బంటే పెద్ద రేకుల షెడ్డు. మధ్యలో ఒక బ్యాడ్మింటన్ కోర్టు, ఓ మూల టేబుల్ టెన్నిస్ బల్ల. కోర్టు కోసం ఎప్పుడూ నలుగురైదుగురు రాకెట్లు పట్టుకుని క్యూలో ఉండేవాళ్ళు, కాబట్టి ఎవరికైనా ఒకటే గేము. బల్ల దగ్గరికి పెద్దగా ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. వచ్చేది ముగ్గురం. నేనూ, దవాఖానా ల్యాబులో రక్త పరీక్షలు చేసే ఒక అమ్మాయీ, స్కోరు చెప్పడానికి చాచా. చాచాకి బస్టాండు దగ్గర బట్టలు కుట్టే దుకాణం. తను ఆడడు, కుర్చీ వేసుకుని కూర్చుని తీర్పులు చెప్తాడు.

ఆ అమ్మాయి వాళ్ళ నాన్న బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యాడు. ఆమెకి చిన్నప్పట్నుంచీ ఈ షెడ్డే ఆటస్థలం. బ్యాడ్మింటన్‌లో నన్ను ఉతికి ఆరేసేది, జాలి కూడా చూపించేది కాదు. బల్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం నాదే పైచెయ్యి. అది నా మణికట్టు గొప్పతనమని నేను గట్టిగా నమ్మాను.

లెక్కల మాస్టారికి ఊరికే నమ్మితే సరిపోదు కదా. ఫోన్లో పాయింట్లు ఎక్కించుకుంటూ వచ్చాను. కొన్ని నెలల తర్వాత చూస్తే వంద పాయింట్లలో యాభై ఐదు నావి, నలభై ఐదు ఆమెవి. నా ఆనందం చెప్పనలవి కాదు. చాచాని కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాను.

"చూడు చాచా, పాయింటుకి యాభై ఐదే కదా అని తేలిగ్గా తీసుకోకు. గేముకి పదకొండు పాయింట్లు కావాలి. అన్ని పాయింట్లు ఆడేసరికి ఆ చిన్న తేడా పెరిగి, గేము గెలిచే అవకాశం వందకి అరవై తొమ్మిదవుతుంది. మూడు గేముల మ్యాచ్ పెట్టామనుకో. వరసగా రెండూ నేనే గెలిచేది నలభై ఏడు. మొదటిదో రెండోదో పోగొట్టుకుని మిగతా రెండూ గెలిచేది ఇంకో ముప్పై. మొత్తం డెబ్భై ఏడు. అదే ఐదు గేములు పెడితే ఎనభై రెండు."

చాచా గడ్డం గోక్కున్నాడు. "గట్లెట్ల సార్? ఐదు గేములైతే ఓడేటోనికి లేచే సందు ఎక్కువుంటది కదా."

"ఆ సందు గెలిచేవాడికీ ఉంటుంది చాచా. ఒక్క పాయింటంటే ఎవరైనా కొట్టొచ్చు. ఆట సాగేకొద్దీ అదృష్టం పలచబడి, బలమున్నవాడి బలం బయటపడుతుంది. తక్కువ వాడికి పొట్టి ఆటే మేలు."

ఆమె బల్లకి ఆనుకుని, బంతిని బ్యాటు మీద టకటకలాడిస్తూ వింటోంది. "మరి బ్యాడ్మింటన్ల మూడే గేములు కదా. బలమున్నోళ్ళకు నష్టమేనా?" అంది.

ఆ ప్రశ్న నాకెంత నచ్చిందో. "కాదు. అక్కడ గేముకి ఇరవై ఒక్క పాయింట్లు. అదే యాభై ఐదు పెట్టి చూస్తే ఒక్క గేమే దగ్గర దగ్గర డెబ్భై ఐదవుతుంది, మూడు గేముల మ్యాచ్ ఎనభై నాలుగు. ఇక్కడి ఐదు గేములకంటే అక్కడి మూడే బలవంతుడికి ఎక్కువ భద్రం. గేముల సంఖ్య ఒక్కటే చూస్తే చాలదు, మొత్తం ఎన్ని పాయింట్లు పడతాయో చూడాలి."

ఆమె తల ఊపింది. ఆ ఊపుకి నేను పడిపోయాను. లెక్క విని అలా తల ఊపే మనిషి నా క్లాసులో ఒక్కరూ లేరు. కొన్నాళ్ళకి పెళ్ళి మాట ఆమెతోనే అనేశాను. ఆమె మళ్ళీ తల ఊపింది. ఇంట్లో వాళ్ళతో మాట్లాడ్డానికి కొంత గొడవ పడ్డాం గానీ, చివరికి రెండు వైపులా ఒప్పుకున్నారు.

నిశ్చయమయ్యాక రెండు కుటుంబాలూ ఒక జీపు మాట్లాడుకుని పర్ణశాల వెళ్ళాం. తిరిగొచ్చేటప్పుడు అడవి దారిలో మా అమ్మ విషయం ఎత్తింది. ఖమ్మంలో పెద్ద కాలేజీ వాళ్ళు నన్ను రమ్మంటున్నారు, ఇల్లు ఖాళీగా ఉంది, పిల్ల ఆ ల్యాబు మానేసి ఖమ్మంలో ఇంకోటి చూసుకుంటుందని. పిల్ల వాళ్ళమ్మ ఊరుకోలేదు. "మా బిడ్డకు పర్మినెంటు నౌకరి. ఎట్ల ఇడిచిపెడ్తదమ్మా?" సంబంధం చెడుతుందేమోనని నాకు భయమేసింది. నాకు ఖమ్మం కావాలి, ఆ కాలేజీ కావాలి. ఆమెకి తన ల్యాబు కావాలి. ఇద్దరం నోరు తెరిచి చెప్పుకోలేదు, కానీ ఇద్దరికీ తెలుసు.

వెనక సీట్లోంచి ఆమే అంది. "మీరు లొల్లి పెట్టుకోకుండ్రి. మేం ఆడి తేల్చుకుంటం. సారు గెలిస్తే ఖమ్మం. నేను గెలిస్తే కొత్తగూడెం."

పెద్దవాళ్ళు నవ్వులాటనుకుని నవ్వేశారు. నేను నవ్వలేదు. నా ఫోన్లో యాభై ఐదుంది.

అయినా మరీ అంత దుర్మార్గుణ్ణి కాను. మర్నాడు క్లబ్బులో చాచా ముందే ఆమెకి చెప్పాను. "చూడు, నీకు మూడు గేములే మంచిది. వందకి ఇరవై మూడు సార్లు నువ్వు గెలుస్తావు. ఐదైతే పద్దెనిమిదే."

"ఐదు గేములే పెట్టుకుందాం," అంది.

"ఐదు నాకు లాభమని చెప్తున్నాను కదా."

"ఎక్కువ బలమున్నోళ్ళకు ఐదు లాభం. అవ్, మీరే చెప్పిన్రు. యాదికున్నది."

నేను జాలిగా చూశాను. ఉద్యోగం పోతుందన్న బెంగలో తల పనిచెయ్యడం లేదనుకున్నాను. చాచా దగ్గాడు. "సార్, నాకూ ఓ పందెం. నేను అమ్మాయి మీద కడ్త. ఒక ప్లేటు మిర్చి బజ్జికి మీరెన్ని ప్లేట్లు ఇస్తరు?"

నేను అక్కడికక్కడే లెక్క కట్టాను. ఎనభై రెండుని పద్దెనిమిదితో భాగిస్తే నాలుగున్నర. అదే మూడు గేములైతే మూడు ప్లేట్ల చిల్లరే. నాలుగు ఇస్తానన్నాను. అర ప్లేటు మిగుల్చుకున్నానని నాలో నేనే మురిసిపోయాను కూడా.

మ్యాచ్ రోజు క్వార్టర్స్‌లో సగం మంది షెడ్డులోనే ఉన్నారు. బ్యాడ్మింటన్ వాళ్ళు సైతం రాకెట్లు చంకలో పెట్టుకుని బల్ల చుట్టూ చేరారు. నేను ఇస్త్రీ చేసిన టీషర్టు వేసుకుని వెళ్ళాను.

మొదటి సర్వీసు ఆమెది. బంతి ఎటు తిరిగిందో నాకు తెలియలేదు. రెండోది తెలిసింది గానీ లాభం లేకపోయింది. పదకొండు-ఆరు. ఇన్ని నెలల్లో ఆ సర్వీసుని నేనెప్పుడూ చూడలేదు. రెండో గేము పదకొండు-ఏడు. మా కాబోయే అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వు ఆపుకోవడానికే. మూడోది ఎలాగో ఈదుకుంటూ పదకొండు-తొమ్మిదితో నేను గెలిచాను. బలం బయటపడే వేళయిందని ఛాతీ విరిచాను. నాలుగోదాంట్లో బయటపడింది, ఆమెది. పదకొండు-ఐదు.

చాచా కుర్చీలోంచి లేచి, "నాలుగు ప్లేట్లు సార్, జల్దీ చెప్పండి, ఆకలైతున్నది," అన్నాడు.

బజ్జీల బండి దగ్గర నిలబడ్డాక నా మెదడు మెల్లగా కదిలింది. ప్రతి పాయింటూ దేనికదే, ప్రతిసారీ అదే యాభై ఐదు అనుకుంటేనే నా లెక్క నిలుస్తుంది. నిజంగా అలా పడుతుంటే స్కోరు పది-పది అయ్యేది వంద గేముల్లో ఏ పదహారో. మాకు రెండు గేములకొకటి అలా డ్యూస్ అయ్యేది, ఒకరు రెండు పాయింట్లు ముందుకు పోయేదాకా ఆట సాగేది. ఆ సంగతి నా ఫోన్లోనే ఉంది. లెక్కలు చెప్పి జీతం తీసుకునేవాణ్ణి, రోజూ చూస్తూ కూడా పట్టుకోలేకపోయాను. ఎవరో చేత్తో ఆపితే తప్ప ఆట అన్నిసార్లు అక్కడ ఆగదు.

"పాయింట్లు వదిలేసేదానివి కదూ?" అని పక్కనే ఉన్న ఆమెతో అన్నాను. నాకు కోపం రావాలి. వస్తుందేమోనని ఎదురు చూశాను కూడా.

ఆమె బజ్జీ తుంచి ఊదుకుంటూ నా వైపు చూడకుండా చెప్పింది. "మొదట్ల ఒకటి రెండు సార్లు ఓడగొట్టిన. మీరు మూతి ముడుచుకుని, బ్యాటు సంచిల పెట్టుకుని పోతిరి. గెలిస్తే మాత్రం ఇంకోటి ఆడదామంటుంటిరి. డ్యూస్ అయితే ఇంకా మంచిగ, ఎంతసేపైనా ఉంటుంటిరి. కోర్టు కాడ ఎట్లాగూ ఒకటే గేము, ఆడ ఎందుకు వదలాలె?"

నా చేతిలోని బజ్జీ అలాగే ఉండిపోయింది. కొన్ని నెలల పాయింట్లు, నా మణికట్టు గొప్పతనమంతా, నేను ఇంకో పది నిమిషాలు ఉండాలని ఆమె వదిలేసినవి. నాకు అంత సంతోషం మళ్ళీ ఎప్పుడూ కలగలేదు. బండి అతను ఎందుకు నవ్వుతున్నానో తెలియక మిర్చి ఘాటుగా ఉందా సారూ అని నీళ్ళిచ్చాడు.

ఖమ్మం కాలేజీకి రానని చెప్పేశాను. చెప్పిన రోజు బాధేసింది, అబద్ధమెందుకు. క్వార్టర్స్ పక్కనే ఇల్లు తీసుకున్నాం. ఆమె పొద్దున్నే ల్యాబుకి పోతుంది, నేను నా పాత కాలేజీకి.

ఆ ఒక్క మ్యాచ్ పాయింట్లే నమ్ముకుంటే నావి వందకి దగ్గర దగ్గర నలభై. ఆ లెక్కన ఐదు గేముల్లో నేను గెలిచేది వందకి మూడు సార్లు, మూడు గేములైతే ఏడు సార్లు. అందుకే ఇప్పుడు ఏ పందెం వచ్చినా మూడు గేములే అని పట్టుబడతాను. ఆమె ఐదంటుంది. ఆ రోజు మూడో గేము నిజంగా నేనే గెలిచానా అని ఎన్నిసార్లో అడిగాను. ఆమె బంతిని బ్యాటు మీద టకటకలాడిస్తుంది, అంతే.

రోజూ సాయంత్రం ఇద్దరం క్లబ్బుకి పోతూనే ఉన్నాం. ఎక్కువగా ఓడిపోతాను, మూతి కూడా ముడుచుకుంటాను. కానీ ల్యాబులో ఆమెకి బాగా అలసటైన రోజుల్లో, ఇంటికి పోయి వంట చెయ్యాలని ఇద్దరికీ లేనప్పుడు, స్కోరు ఎలా వస్తుందో గానీ పది-పది దగ్గరికి వచ్చేస్తుంది. ఫోన్లో ఎక్కించడం ఎప్పుడో మానేశాను. సర్వీసు చెయ్యమని బంతి ఆమె వైపు దొర్లిస్తాను.