మూడు నెలలకోసారి ప్రొఫైల్

రోజూ పొద్దున్నే మనసులో దేవుడికి దణ్ణం పెట్టుకుని, పక్క సీటు అక్క సీసాలోనూ నీళ్ళు నింపి పనిలో కూర్చునేది ఆ టెస్టింగ్ ఇంజనీరు. మూడు నెలలకోసారి మాత్రం ముందు ఉద్యోగాల సైటులో ఉన్న తన ప్రొఫైల్ తెరిచేది. హోదా సరిగ్గా ఉందా, కొత్తగా చేసిన పని చేరిందా, కంపెనీ గుట్టేదైనా బయటపడిందా అని చూసుకునేది. ఈసారి, మార్పులు అందరికీ తెలియజేసే మీట ఆపడం మరిచిపోయింది. ప్రమోషన్లు తేల్చే వారంలోనే ఆ కబురు మేనేజరు ఫోనుకు చేరింది.

"ఏమ్మా, మూటాముల్లె సర్దేస్తున్నావా? వెళ్ళిపోయేవాళ్ళకి ప్రమోషనెందుకు?"

"నేనెక్కడికీ వెళ్ళట్లేదు సార్. చేసిన పని గుర్తున్నప్పుడే రాసుకుంటున్నా. ప్రమోషన్ ఆపినా రాసుకుంటా."

ఆయన ఫోను తీసి ఆమె ప్రొఫైల్ మళ్ళీ చదివాడు.

"ఒక్క సాయం చేయండి సార్. నేను రాసింది నిజమేనని నా ప్రొఫైల్లో మీరే రెండు ముక్కలు రాయండి."