పసుపు ఆఫర్ అడుగున ఒక ముక్క

పొద్దుటినుంచి పెట్టెలు మోసిన చేతులతోనే, విదేశంలో చదువుకుంటున్న మృదుల ఎటోబికో గోదాము బ్రేక్‌రూములో కూర్చుని, తన ఊరి రైతు సంఘం కొనేవాడికి పంపాల్సిన మెసేజ్‌ను తిరగరాసింది. 'పసుపు మస్తుగుంది, జల్ది రండి సార్' తీసేసి, ఒకటో రకం కొమ్ము పన్నెండు టన్నులు, తేమ పది శాతం లోపు, కిలో నూట ముప్పై, లారీ కిరాయి కొనేవారిదే, వారం వరకే ఈ ధర అని పెట్టింది.

సంఘం అధ్యక్షుడు రాజగోపాల్ దాన్ని పంపుతూ అడుగున ఓ ముక్క చేర్చాడు: 'ధర మీరెట్లంటే అట్ల.' కొనేవాడు వెంటనే నూట పదిహేను అన్నాడు.

"అదెందుకు రాసినవ్ చిన్నాయనా?" అని ఫోన్‌లో అడిగింది.

"కొనెటాయనతోని ఖరాఖండిగ మాట్లాడితే ఏం బాగుంటది బిడ్డా?"

విసుగ్గా ఫోన్ పెట్టేసింది. అంతలో సూపర్‌వైజర్ మెసేజ్: వచ్చే వారం ఏ షిఫ్టులు కావాలి?

రెండు రోజులు కాలేజీ ఉంది. అయినా మృదుల వేళ్లు అలవాటుగా టైప్ చేశాయి: 'మీరెప్పుడంటే అప్పుడు.'