మూడో మోటారు

మా మామయ్యకు తెనాలిలో మోటారు వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన పంపు మోటార్లు వస్తాయి, కొత్త రాగి తీగ చుట్టించుకుని పోతాయి. ముందు గదంతా వార్నిష్ వాసన. వెనక గదిలో ఒకప్పుడు పాత స్టార్టర్లు పడి ఉండేవి. నా చదువైపోయి ఇంట్లో కూర్చున్నాక అవన్నీ అటకెక్కించి, ఒక బల్ల వేసి, "ఇది నీది, నీ డ్రోన్ ఏదో నువ్వు చేసుకో" అన్నాడు.

నాలుగు రెక్కల డ్రోన్. పొలాలను పైనుంచి చూడడానికి కెమెరా ఉన్న చిన్నది. విడిభాగాలు తెప్పించి నేనే బిగించాను. రేపల్లె దగ్గర మామయ్యకు తెలిసిన రైతు ఒకాయన ఉన్నారు. ఏటా వానలకు వరిచేలో నీళ్లు నిలిచిపోతున్నాయనీ, ఎటు గండి తీస్తే దిగుతాయో గట్టు మీద నిలబడి చూస్తే తెలియడం లేదనీ ఆయన బాధ. ఆదివారం వచ్చి చూపిస్తామని మామయ్య మాట ఇచ్చేశాడు. ఇచ్చాక నన్ను కూర్చోబెట్టుకున్నాడు.

"ఎగరేసేది నువ్వేనా, లేకపోతే బాపట్లలో డ్రోన్లు ఎగరేసే కుర్రాణ్ని పిలవనా?"

ఎందుకలా అడిగాడో మా ఇద్దరికీ తెలుసు. ఎగరేయడం నేను బాపట్లలోనే నేర్చుకున్నాను. మోటార్లు తిప్పే ముందు పైలట్ చుట్టూ ఉన్నవాళ్లను గట్టిగా హెచ్చరించాలి, వాళ్లు జరిగేదాకా ఆగాలి. అక్కడి సార్ రోజూ చెప్పిందొకటే: "చేతులు బాగున్నాయమ్మా, గొంతే వినబడట్లేదు." బస్సులో కండక్టర్‌ని ఆపమని అడగలేక ఒక స్టాపు ముందుకు వెళ్లి నడిచి వచ్చే మనిషిని నేను. పదిమంది రైతులను దూరం జరగమని ఎలా అంటాను?

"నువ్వు చేసిన దాన్ని ఇంకొకడు ఎగరేస్తుంటే చూస్తూ నిలబడతావా?" అన్నాడు మామయ్య. "ఆదివారం దాకా టైముంది. నోరు తెరిస్తే నువ్వు, లేకపోతే వాడు."

ఆ వారమంతా వెనక గదిలోనే గడిచింది. డ్రోన్‌లో ఒక్కో మోటారుకు ఒక్కో చిన్న బోర్డు ఉంటుంది. దాన్ని ఇ.ఎస్.సి. అంటారు. మధ్యలో ఉన్న మెదడు బోర్డు వేగం ఎంతో చెబితే, అందుకు తగ్గ కరెంటును మోటారుకు అందించేది ఇదే. మోటారులోకి మూడు వైర్లు వెళతాయి. వాటిని చూడగానే మామయ్య ముఖం వెలిగింది.

"త్రీఫేసే కదే ఇది. మన పంపుకు తమ్ముడు."

అప్పటినుంచి గంటకోసారి ముందు గదిలో పని ఆపి వచ్చేవాడు. అత్తయ్య మాత్రం రెక్కలు నాలుగూ తీసుకెళ్లి జంతికల డబ్బాలో దాచింది. రెక్కలు లేకుండానే మోటార్లను పరీక్షించాలని నేను ఒకసారి చెప్పాను, అంతే. "ఆదివారం దాకా ఇవ్వను, మీ ఇద్దరి వేళ్లూ నాకు కావాలి" అంది.

మొదట పాత పద్ధతిలో పెట్టాం. ఆ పద్ధతిలో మెదడు బోర్డు పంపే సంకేతం ఒక పల్స్, అంటే క్షణకాలం ఉండి ఆగిపోయే కరెంటు. అది ఎంతసేపు ఉంటే అంత వేగం. కానీ అతి తక్కువ ఏది, అతి ఎక్కువ ఏది అన్నది ఒక్కో ఇ.ఎస్.సి. ఒక్కోలా అనుకుంటుంది. అందుకే మా మోటార్లలో ఒకటి ముందు కదిలేది, ఒకటి వెనక కదిలేది. వాటన్నింటికీ ఒకే కొలత నేర్పాలి. ల్యాప్‌టాప్‌లో వేగం గీతను పూర్తిగా పైకి జరిపి, అప్పుడు బ్యాటరీ తగిలించాలి. మోటార్ల నుంచి కూతలు వినబడగానే గీతను కిందికి దించేయాలి. మళ్లీ కూత వస్తే కొలత గుర్తుపెట్టుకున్నట్టు.

ఆ కూతలు మామయ్యకు ఎంతగానో నచ్చాయి. మోటార్ల జబ్బు చెవితో కనిపెట్టే మనిషి. కళ్లు మూసుకుని విని, "మూడోది అర సెకను ఆలస్యంగా పలికింది, మళ్లీ చెయ్" అనేవాడు. మళ్లీ మళ్లీ చేశాం. చివరికి నాలుగూ ఒక్కసారే కదిలినప్పుడు, "అదీ" అని ముందు గదిలోకి వెళ్లి అత్తయ్యకు చెప్పి వచ్చాడు.

ఆ మర్నాడు ఇ.ఎస్.సి.లతో వచ్చిన వివరాల కాగితం ఇంకోసారి చదివితే, అవి డిజిటల్ సంకేతాన్ని కూడా తీసుకుంటాయని తెలిసింది. అందులో పల్స్ నిడివిని కొలిచే పని ఉండదు. మెదడు బోర్డు వేగాన్ని నేరుగా అంకెగా పంపుతుంది. అంకెను అన్ని ఇ.ఎస్.సి.లూ ఒకేలా చదువుతాయి కాబట్టి కొలత నేర్పే పనే లేదు. పైగా మోటారు తిరిగే దిశను కూడా ల్యాప్‌టాప్ నుంచే మార్చవచ్చు. అది మంచిదని తెలిసి కూడా మామయ్యకు చెప్పడానికి చాలాసేపు తటపటాయించాను.

"అంటే నిన్న నేను చెవులు రిక్కించి చేసిందంతా ఉత్తిదేనా?" అన్నాడు.

"ఉత్తిది కాదు మామయ్యా. ఈ పద్ధతికి అవసరం లేదంతే."

"అదే, ఉత్తిది." నవ్వాడు గానీ ముందు గదిలోకి వెళ్లి కాసేపు రాలేదు.

డిజిటల్‌కు మార్చి, ఒక్కో మోటారునూ నెమ్మదిగా తిప్పి చూశాం. వైండింగులో వాడే కాటన్ టేపు ముక్కను మామయ్య మోటారు అంచుకు తాకించేవాడు. అది ఎటు విసిరితే అటు తిరుగుతున్నట్టు. ఎదురెదురు మూలల్లో ఉన్న రెండు మోటార్లు ఒకవైపు, మిగతా రెండూ ఇంకోవైపు తిరగాలి. లేకపోతే డ్రోనే గిరగిరా తిరుగుతుంది. ఒకటి, రెండు, నాలుగు సరిగ్గానే ఉన్నాయి. వెనక ఎడమవైపున్న మూడోది మాత్రం తిరగబడింది. దానికి అమర్చే రెక్క గాలిని కిందికి తోయాల్సింది పోయి పైకి తోస్తుంది. లేచీ లేవగానే డ్రోన్ ఆ మూలకు బోల్తా కొడుతుంది.

"భోంచేసి వచ్చి చూద్దాం" అన్నాడు మామయ్య.

ఆయన భోజనానికి వెళ్లాడు. నేను ల్యాప్‌టాప్‌లో మూడో మోటారు దిశ మార్చి, తిప్పి చూసుకున్నాను. సరిపోయింది. ఆయన వచ్చాక చెప్పాలనుకున్నాను. కానీ పొద్దునే ఆయన కష్టాన్ని ఒక మాటతో తీసేశాను కదా, మళ్లీ "ఇదీ నీ అవసరం లేకుండానే అయిపోయింది" అని ఎలా చెప్పను? ఆయన అడిగినప్పుడు చెప్దాంలే అని నేనూ భోజనానికి వెళ్లాను.

నేను వచ్చేసరికి ఆయన డ్రోన్‌ను పెట్టెలో సర్దేశాడు, ఏమీ అడగలేదు. శనివారం సాయంత్రం, "అన్నీ సరిగ్గా ఉన్నాయిగా?" అన్నాడు. "ఉన్నాయి" అన్నాను. "ఉంటాయిలే" అని తనలో తను నవ్వుకున్నాడు. ఆ నవ్వుకు అర్థం నాకు అప్పుడు తెలియలేదు.

ఆదివారం పొద్దున్నే రేపల్లె బస్సెక్కాం. ఆ ఊళ్లో ఎగరేయడానికి అడ్డేమీ లేదని ముందే చూసుకున్నాను. ఒళ్లో డ్రోన్ పెట్టె, కాళ్ల దగ్గర ల్యాప్‌టాప్, మామయ్య చేతిలో జంతికల డబ్బా. రైతు చేను గట్టు మీదే నిలబడి ఉన్నారు. ఆయన పిలవకుండానే చుట్టుపక్కల చేలవాళ్లు కూడా వచ్చారు.

"ఏంటి మేస్త్రిగారూ, పంపులు మానేసి విమానాలు చుడుతున్నారా?" అన్నారొకాయన.

"నేను కాదండి, మా మేనకోడలు."

"ఈ అమ్మాయా? మాట్లాడదేంటండి?"

"అది మాట్లాడదండి. ఎగరేస్తుంది."

అందరూ నవ్వారు. నేను తల వంచుకుని రెక్కలు బిగించడం మొదలుపెట్టాను. గట్టు పక్కన చదునుగా ఉన్న చోట డ్రోన్ పెట్టాం. మామయ్య బ్యాటరీ చేతిలో పట్టుకుని, దాని వైరు వేళ్ల మధ్య నలుపుతూ నిలబడ్డాడు. ఒకటో రెక్క, రెండో రెక్క. మూడో మోటారు దగ్గరికి వచ్చేసరికి దాని వైర్ల మీద పసుపుపచ్చ గొట్టం కనిపించింది.

నేను వేసినవి నల్లవి. ఆ పసుపుపచ్చ గొట్టం వైండింగ్ షాపుది. పంపు మోటారు తీగల అతుకుల మీద మామయ్య తొడిగేది అదే. చాలా శుభ్రంగా, నాకంటే అందంగా తొడిగాడు.

పంపు వెనక్కి తిరిగితే ఏం చేస్తారో ఆ షాపులో పెరిగిన నాకు తెలుసు. మూడు వైర్లలో ఏ రెండింటినైనా అటూ ఇటూ మారుస్తారు. దిశ మారిపోతుంది. దీనికీ అంతే. నేను భోజనానికి వెళ్లినప్పుడు, నాకు శ్రమ తప్పించాలని, ఆయన టంకం కరిగించి మార్చేశాడు. అప్పటికే నేను ఒకసారి మార్చిన దాన్ని. రెండు మార్పులూ కలిసి మోటారు మళ్లీ వెనక్కి తిరుగుతోంది.

తల ఎత్తేసరికి మామయ్య వంగి బ్యాటరీ తగిలించబోతున్నాడు. చుట్టూ జనం కూడా వంగి చూస్తున్నారు.

"ఆగు మామయ్యా. తగిలించకు. అందరూ వెనక్కి జరగండి."

చేలో కొంగలు లేచాయి. వాటిని లేపింది నా గొంతేనని నాకు ఒక క్షణం తర్వాత తెలిసింది. అందరూ జరిగారు. మామయ్య బ్యాటరీ పట్టుకుని అలాగే వంగి ఉండిపోయాడు.

"మూడో మోటారు వైర్లు మార్చావా?"

"మార్చానే. వెనక్కి తిరుగుతోందిగా."

"నేను కూడా మార్చాను. ల్యాప్‌టాప్‌లో."

ఆయన నన్ను చూశాడు, తర్వాత పసుపుపచ్చ గొట్టాన్ని చూశాడు. "చెప్పొచ్చుగా."

"నువ్వూ చెప్పొచ్చుగా."

"నీకు ఇంకో పని పెట్టడం ఎందుకని..."

"నీ పని మళ్లీ తీసేయడం ఎందుకని..."

"మీరిద్దరూ తర్వాత మాట్లాడుకోండి," అన్నారు రైతు, "ఇది ఎగురుతుందా లేదా?"

"ఎగురుతుంది బాబాయిగారూ. కాస్త ఆగండి" అన్నాను. అది కూడా ఆయనకు వినబడింది.

బిగించిన రెక్కలు తీసేశాను. ల్యాప్‌టాప్ తగిలించి మూడో మోటారును తిప్పితే, మామయ్య జేబులోంచి కాటన్ టేపు ముక్క తీసి తాకించాడు. నిజంగానే తప్పువైపు విసిరింది. దిశ మార్చి, మళ్లీ తిప్పాను. ఈసారి సరైన వైపు విసిరింది. మిగతా మూడింటినీ కూడా ఒక్కొక్కటిగా చూశాం. అప్పుడు నాలుగు రెక్కలూ బిగించాను.

మామయ్య బ్యాటరీ తగిలించి వెనక్కి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఇ.ఎస్.సి.లు కూశాయి. ఆయన అలవాటుగా కళ్లు మూసుకుని విన్నాడు.

"మోటార్లు తిప్పుతున్నా. ఎవరూ ముందుకు రావద్దండి" అన్నాను. ఆ మాట రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు.

డ్రోన్ ఏ మూలకూ ఒరగకుండా నిటారుగా లేచింది. నా చేతిలోని తెర మీద చేను కిందికి దిగిపోయి, గట్లు సన్నని గీతలయ్యాయి. రైతు నా భుజం పక్కనుంచి తెరలోకి చూస్తూ, తూర్పు మూలలో మెరుస్తున్న నీళ్లను వేలితో చూపించారు. గండి అటువైపే తీయాలని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. "కాస్త కాలవ వైపు తిప్పమ్మా" అని, "ఇంకాస్త" అని, చివరికి తెర వదలనే లేదు.

తిరుగు బస్సులో మామయ్య ఫోను తీసి చాలాసేపు దేనికోసమో వెతికాడు.

"ఏంటి చూస్తున్నావు?"

"ఆ బాపట్ల కుర్రాడి నంబరు. వాడికి రావద్దని చెప్పాలి కదా."

"నిజంగా రమ్మన్నావా?"

"మధ్యాహ్నానికి సిద్ధంగా ఉండమన్నా." ఫోను చెవికి పెట్టుకుంటూ నవ్వాడు. "నీ గొంతు మీద నాకు నమ్మకం లేక కాదే. నీకే లేదు కదా, అందుకని."

ఇంటికి వెళ్లగానే అత్తయ్య రెక్కలు లెక్కపెట్టుకుని, ఆ తర్వాత మా ఇద్దరి వేళ్లూ చూసుకుంది. ఆ రోజు నుంచి వెనక గదిలో ఒక పద్ధతి వచ్చింది. ఎవరు ఏ వైరు ముట్టుకున్నా పైకి చెప్పాలి. ముందు గదిలో సుత్తి చప్పుళ్ల మధ్య మామయ్యకు వినబడాలి కాబట్టి నేను గట్టిగానే చెప్పాలి. బజారు దాకా వినబడుతోందని అత్తయ్య అంటుంది. మూడో మోటారు మీది పసుపుపచ్చ గొట్టాన్ని మాత్రం తీయలేదు. అది ఇప్పటికీ అలాగే ఉంది.